ఏళ్లు అడ్డంగా, అంకెలు నిలువుగా: బొమ్మలోని పట్టిక నుంచి చార్టు దాకా

పుస్తకంలో అచ్చయ్యే పట్టికల్లో ఏళ్లు సాధారణంగా అడ్డంగా, ఒక్కో ఏడాదికి ఒక్కో నిలువు వరుసగా ఉంటాయి. చదివే కంటికి ఇది హాయిగా ఉంటుంది. అలాంటి పేజీని ఫొటో తీసి అంకెలతో గీత చార్టు గీయాలనుకుంటే ఈ అమరిక అడ్డొస్తుంది. చార్టు గీసే సాఫ్ట్‌వేర్లు చాలావరకు ఏడాదిని ఒకే వరుసలో విలువలుగా ఆశిస్తాయి. ఈ పట్టికలో అది నాలుగు వరుసల పేర్లుగా చెదిరి ఉంటుంది. భారత జనగణన అక్షరాస్యత శాతాలను ఉదాహరణగా తీసుకుందాం. 2011 అంకెలు తాత్కాలిక ఫలితాలవి.

| వర్గం | 1951 | 1981 | 2001 | 2011 |
|---|---|---|---|---|
| పురుషులు | 27.16 | 56.38 | 75.26 | 82.14 |
| స్త్రీలు | 8.86 | 29.76 | 53.67 | 65.46 |
| మొత్తం | 18.33 | 43.57 | 64.83 | 74.04 |

మొదటి పని బొమ్మలోని అంకెలను గడుల్లోకి తేవడం. కొత్త ఎక్సెల్‌లో Data మెనూలోని From Picture ఈ పని చేస్తుంది. తనకు అనుమానం వచ్చిన గడులను రంగుతో చూపి సరిచూడమంటుంది కూడా. అయితే అనుమానం రాని గడుల్లోనూ తప్పులు దాగుతాయి. చుక్క ఎగిరిపోయి 8.86 కాస్తా 886 అయితే చార్టు ఆకాశానికి లేస్తుంది, తప్పు వెంటనే దొరుకుతుంది. 29.76లోని 9ని 3గా చదివితే వచ్చే 23.76 మాత్రం నమ్మదగినట్టే కనిపిస్తుంది. దాన్ని పట్టుకోవడానికి పట్టికలోనే ఒక దారి ఉంది. దేశంలో స్త్రీ పురుషుల సంఖ్య దాదాపు సమానం, పురుషులు కాస్త ఎక్కువ. అందుకే ‘మొత్తం’ శాతం ఆ రెండింటి సగటుకు కొద్దిగా పైన ఉంటుంది. 1981లో సగటు 43.07, మొత్తం 43.57. స్త్రీల శాతం 23.76గా పడితే సగటు 40.07కు జారి మొత్తానికి మూడున్నర పాయింట్ల దూరం వస్తుంది. మిగతా ఏ ఏడాదిలోనూ ఈ తేడా అర పాయింటు దాటదు కనుక ఆ గడిని మళ్లీ బొమ్మతో పోల్చాలని తెలిసిపోతుంది.

అంకెలు కుదిరాక పట్టికను తిప్పాలి. ఎక్సెల్‌లోని పవర్ క్వెరీలో ‘వర్గం’ వరుసను ఎంచుకుని, కుడి క్లిక్ చేసి Unpivot Other Columns నొక్కితే చాలు. Attribute, Value అనే రెండు కొత్త వరుసలు పుడతాయి. వాటికి ‘సంవత్సరం’, ‘శాతం’ అని పేర్లు మార్చుకోవాలి. పైథాన్‌ వాడేవారికి పాండాస్‌లో ఇదే పని రెండు పంక్తులు:

```python
p = df.melt(id_vars="వర్గం", var_name="సంవత్సరం", value_name="శాతం")
p["సంవత్సరం"] = p["సంవత్సరం"].astype(int)
```

ఫలితంలో మొదటి అడ్డు వరుస ‘పురుషులు, 1951, 27.16’. మూడు వర్గాలు, నాలుగు ఏళ్లు కనుక పన్నెండు అడ్డు వరుసలు రావాలి. తక్కువొస్తే బొమ్మలో ఎక్కడో ఖాళీ గడి ఉండి ఉంటుంది. పవర్ క్వెరీ ఖాళీ గడులను చెప్పకుండా వదిలేస్తుంది. పాండాస్ మాత్రం వాటిని NaNగా నిలిపి ఉంచుతుంది.

రెండో పంక్తిని చిన్న విషయమని దాటేయకూడదు. వరుస పేర్లుగా ఉన్నంతకాలం ఏళ్లు అక్షరాలే, సంఖ్యలు కావు. అక్షరాలుగానే వదిలేస్తే చార్టు నాలుగు ఏళ్లనూ సమాన దూరంలో నిలబెడుతుంది. నిజానికి వాటి మధ్య ఎడం 30, 20, 10 ఏళ్లు. స్త్రీల అక్షరాస్యత 1981–2001 మధ్య 23.91 పాయింట్లు, 2001–2011 మధ్య 11.79 పాయింట్లు పెరిగింది. సమాన దూరపు చార్టులో చివరి గీత ఏటవాలు సగానికి పడిపోయి, చదువు వేగం మందగించిందనిపిస్తుంది. ఏడాదికి లెక్కేస్తే మొదటిది దాదాపు 1.20, రెండోది 1.18. వేగం ఇంచుమించు మారనే లేదు. సంవత్సరాన్ని సంఖ్యగా మార్చి, ఎక్సెల్‌లో అయితే గీతలతో కూడిన స్కాటర్ చార్టు ఎంచుకుంటే ఈ భ్రమ తొలగిపోతుంది.

బొమ్మలో 2011 పక్కన చుక్క గుర్తు ఉంటే ఆ పేరు 2011* అవుతుంది, సంఖ్యగా మార్చబోతే పాండాస్ తప్పు చూపి ఆగిపోతుంది. గుర్తును తీసేయాలి కానీ అది చెప్పే సంగతిని పారేయకూడదు. ఈ పట్టికకు అలాంటి సంగతులు మూడున్నాయి. 2011 అంకెలు తాత్కాలికం. 1951 శాతం అయిదేళ్లు, ఆపై వయసువారిది. 1981 నుంచి ఏడేళ్లు, ఆపైవారిది. 1981లో అస్సాంలో జనగణన జరగలేదు కనుక ఆ రాష్ట్రం లెక్కలో లేదు. వెడల్పు పట్టికలో ఇవి అడుగున చిన్న అక్షరాల్లో ఉంటాయి. తిప్పేటప్పుడు ఏ పరికరమూ వాటిని వెంట తీసుకురాదు. పొడవు పట్టికలో ‘గమనిక’ అనే నాలుగో వరుస పెట్టి, ఆయా ఏళ్ల ఎదురుగా చేత్తో రాసుకోవాలి. చార్టులో 1951 బిందువును 1981కి కలిపే గీతను చుక్కలతో గీయడానికి కూడా ఆ వరుసే ఆధారం.