హార్డ్ డిస్క్ టిక్ టిక్ మంటోందా? ముందు కేబుల్ పీకేయండి

మా బావ పెళ్లి ఫోటోలన్నీ ఒక 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో ఉండేవి. ఒకరోజు అది టేబుల్ మీద నుంచి కింద పడింది. మళ్లీ పెడితే "టిక్... టిక్... టిక్" అని ఒకే సౌండ్. ఆయన ఏం చేశాడంటే, ఒక రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టి, స్కాన్ ఆన్ చేసి పడుకున్నాడు. ఆ రాత్రే కొంప మునిగింది.

లోపల ఏం జరుగుతుందో చెప్తాను. డిస్క్‌లో అద్దంలా మెరిసే పళ్లెం ఒకటి తిరుగుతూ ఉంటుంది. ఇలాంటి చిన్న డిస్కుల్లో సాధారణంగా నిమిషానికి 5400 చుట్లు, అంటే సెకనుకు 90. దాని మీద డేటా చదివే హెడ్ పళ్లేన్ని తాకదు, గాలి మీద తేలుతుంది. ఆ ఖాళీ మన వెంట్రుక మందంలో కొన్ని వేల వంతుల్లో ఒకటి! హెడ్ దెబ్బతింటే, తానెక్కడుందో చెప్పే గుర్తుల్ని చదవలేదు. అందుకే వెనక్కి వెళ్లి మళ్లీ వెతుకుతుంది. ఆ వెనక్కీ ముందుకీ కొట్టుకునే చప్పుడే టిక్ టిక్. గరగరమని గీరినట్టు వస్తే ఇంకా ఘోరం, హెడ్ పళ్లేన్ని నిజంగానే గీకుతూ ఉండొచ్చు. మన ఫోటోలు ఉండేది పళ్లెం మీద ఉండే పల్చటి పూతలో. అది పొడిగా రాలిపోతే ఏ ల్యాబూ తిరిగి అతికించలేదు.

ఇప్పుడు లెక్క చూడండి. 8 గంటలు ఆన్‌లో ఉంటే 25 లక్షల చుట్లు పైనే. అందుకే తొందరగా ఆపాలి అనేది. సౌండ్ వినగానే ఎజెక్ట్ నొక్కండి, అది కదలకపోతే ఎదురు చూడొద్దు, కేబుల్ లాగేయండి. కంప్యూటర్ లోపలి డిస్క్ అయితే, షట్‌డౌన్ తిరుగుతూనే ఉంటే పవర్ బటన్ ఆఫ్ అయ్యేదాకా నొక్కి పట్టుకోండి. "Scan and fix" అని అడిగితే వద్దనండి. `chkdsk /r` అయితే అసలే వద్దు, అది డిస్క్ మొత్తాన్ని చదివిస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టే చిట్కా కూడా మర్చిపోండి, లోపల తేమ పడుతుంది.

ఒక్క మినహాయింపు ఉంది. ఫోన్‌కి ఓటీజీతో పెట్టినప్పుడు మాత్రమే టిక్ మంటే, కింద పడకపోయి ఉంటే, ఫోన్ ఇచ్చే కరెంట్ చాలకపోయి ఉండొచ్చు. కంప్యూటర్‌కి నేరుగా ఒక్కసారి పెట్టి చూడండి. అక్కడా అదే సౌండ్ వస్తే రెండోసారి వద్దు. ఇక ఆఫ్ చేసేటప్పుడు ఒక్క "టక్" మామూలే, హెడ్ తన చోటికి వెళ్లి ఆగిన చప్పుడు అది.

మా బావ డిస్క్‌ని ల్యాబ్‌లో తెరిస్తే పళ్లెం మీద ఉంగరంలా గీత. సంగీత్ ఫోటోలు చాలా వరకు వచ్చాయి. తలంబ్రాలు రాలేదు. అక్క ఇప్పటికీ ఆ రాత్రి సంగతి ఎత్తుతూనే ఉంటుంది.