తిరగరాతకు మూడు విడతలు

చిత్తుప్రతిలో నిర్మాణం, వాక్యం, పదం మూడింటినీ ఒకేసారి సరిచేయబోతే, ఎంతో శ్రమించి దిద్దిన వాక్యాన్నే తర్వాత కొట్టేయాల్సి వస్తుంది. అప్పుడు మనసొప్పక, అక్కర్లేని పేరా అలాగే మిగిలిపోతుంది. అందుకే విడతలవారీ తిరగరాత నిర్మాణంతో మొదలవుతుంది.

ఊరి చెరువు గురించి ఒక వ్యాసం ఉందనుకుందాం. మొదటి విడతలో ఒక్కో పేరా సారాన్ని మార్జిన్‌లో రెండు మూడు మాటల్లో రాయాలి: చెరువు చరిత్ర, తగ్గిన నీరు, పూడికకు కారణాలు, మళ్లీ తగ్గిన నీరు. వీటిని వరసగా చదివితే రెండో పేరానూ నాలుగో పేరానూ కలపాలని తెలిసిపోతుంది.

రెండో విడతలో పైకి చదవాలి. "ఎగువన చెట్లు నరకడం వల్ల మట్టి కొట్టుకొచ్చి చేరడంతో చెరువు లోతు తగ్గిపోవడం జరిగింది" అనే వాక్యం దగ్గర నాలుక తడబడుతుంది. దాన్ని విడగొడితే తేటపడుతుంది: "ఎగువన చెట్లు నరికేశారు. వానకు మట్టి కొట్టుకొచ్చి చెరువు లోతు తగ్గింది."

మూడో విడత మాటలది. "చెరువు లోతు తగ్గింది" కన్నా "చెరువు పూడింది" సూటిగా ఉంటుంది.

ఎన్ని మాటలు మార్చినా వాక్యం కుదరకపోతే లోపం పదంలో లేదు, ఆలోచనలో ఉంది. అప్పుడు మొదటి విడతకే వెళ్లాలి. నాలుగు వాక్యాల ఉత్తరానికి మాత్రం ఇన్ని విడతలు అక్కర్లేదు.