తేదీలో తికమక

2001 సెప్టెంబరు 11న న్యూయార్క్ నగరంలోని జంట భవనాలపై దాడి జరిగింది. అమెరికా ప్రజలు ఆ దినాన్ని 9/11 అని వ్యవహరిస్తారు. 2008 నవంబరు 26న ఉగ్రవాదులు ముంబయి నగరంపై దాడి చేశారు. భారతీయులు ఆ దినాన్ని 26/11 అంటారు. రెండింటిలోనూ గీతకు కుడివైపున ఉన్నది 11. అయితే మొదటి దానిలో అది రోజును, రెండవ దానిలో నెలను తెలుపుతున్నది.

ఈ భేదానికి మూలం అలవాటు. అమెరికన్లు మాటలో నెలను ముందుగా, రోజును తరువాత చెబుతారు. అంకెలలో వ్రాసేటప్పుడూ ఆ వరుసనే పాటిస్తారు. బ్రిటిషువారు రోజు, నెల, సంవత్సరం అనే వరుసను పాటిస్తారు. భారతదేశంలోని కార్యాలయాలలోనూ పాఠశాలలలోనూ ఇదే వరుస స్థిరపడింది. ఎవరి దేశంలో వారికి ఏ ఇబ్బందీ లేదు. రెండు అలవాట్లు ఒకే పత్రంలో కలిసినప్పుడే చిక్కు మొదలవుతుంది.

ప్రతి తేదీ ఈ చిక్కు కలిగించదు. 26/11 అని ఉంటే 26వ నెల లేదు కనుక అది రోజు అని ఎవరికైనా తెలుస్తుంది. రోజు 12కు మించనప్పుడే సందేహం. అటువంటి రోజులు నెలకు 12 చొప్పున ఏడాదికి 144. వాటిలో 1/1, 2/2 మొదలుకొని 12/12 వరకు గల పన్నెండు తేదీలను ఎటు చదివినా అర్థం ఒక్కటే. వాటిని తీసివేయగా మిగిలినవి 132. అనగా సంవత్సరంలో మూడవ వంతుకు మించిన దినాలను రెండు విధాలుగా చదవవచ్చు. చదివిన రెండు విధాలూ నిజమైన తేదీలే కావడం వలన పొరపాటు పైకి కనిపించదు.

చూచేది మనిషి అయితే అనుమానం వచ్చి అడుగవచ్చు. కంప్యూటరు అడుగదు. తనలో అమర్చిన దేశీయ పద్ధతిని బట్టి తేదీని గ్రహించి ముందుకు సాగుతుంది. హైదరాబాదులోని ఒక వైద్య బృందం, అమెరికాలోని మరొక బృందం కలిసి ఒక మందు ప్రభావాన్ని పరిశీలిస్తున్నాయని ఊహించుకొందాం. మందు మొదలుపెట్టిన ఏడు రోజులకు రక్తపరీక్ష చేయాలి. హైదరాబాదువారు వివరాలను సాధారణ పాఠ్యరూపంలో పంపారు. మొదటి రోగికి మందు 03/04/2025న మొదలైంది. పరీక్ష 10/04/2025న జరిగింది. రెండవ రోగికి ఆ తేదీలు 13/04/2025, 20/04/2025.

అమెరికా పద్ధతి అమర్చిన కంప్యూటరులో ఆ ఫైలును స్ప్రెడ్‌షీటుగా తెరిచారు. మొదటి రోగి తేదీలను అది మార్చి 4గా, అక్టోబరు 4గా గ్రహించింది. రెండింటికీ నడుమ గల వ్యవధిని లెక్కించమంటే 7కు బదులు 214 రోజులు అని చూపింది. రెండవ రోగి వరుసలో 13వ నెల, 20వ నెల లేవు కనుక వాటిని తేదీలుగా గ్రహించలేక వట్టి అక్షరాలుగా వదిలివేసింది. వ్యవధి ఉండవలసిన గడిలో #VALUE! అనే దోష సూచన కనిపించింది.

ఈ రెండింటిలో దోష సూచన వచ్చిన వరుస అంత ప్రమాదకరం కాదు. అది తన తప్పును తానే చెప్పుకొంటున్నది. చెప్పుకోనిది మొదటి వరుస. దోషాలున్న వరుసలను తొలగించి మిగిలినవాటికి సరాసరి కట్టినవారు చెడిపోయిన వరుసలనే నిలుపుకొంటారు. సకాలంలో జరిగిన పరీక్ష ఏడు నెలలు ఆలస్యమైనట్లు లెక్కకు వస్తుంది. దానిపై ఆధారపడిన నిర్ణయమూ దారి తప్పుతుంది.

ఇటువంటి లోపాన్ని గుర్తించడానికి కొన్ని ఆనవాళ్ళున్నాయి. స్ప్రెడ్‌షీటు సాధారణంగా తేదీలను గడికి కుడివైపున, అక్షరాలను ఎడమవైపున నిలుపుతుంది. ఒకే నిలువు వరుసలో కొన్ని అటు, కొన్ని ఇటు జరిగి ఉంటే సందేహించాలి. కుడివైపు తేదీలలో ఒక్కదానిలోనూ రోజు 12కు మించకపోతే సందేహం బలపడుతుంది. ఇంకా రాని దినాలు జరిగిపోయిన పనుల పట్టికలో కనిపించడమూ ఒక ఆనవాలే. అప్పుడు చెడిన పట్టికను సరిదిద్దడం కంటె మూల ఫైలును మళ్ళీ తెరిచి, ఆ నిలువు వరుస రోజు, నెల, సంవత్సరం అనే క్రమంలో ఉన్నదని కంప్యూటరుకు ముందుగా తెలపడం మేలు. మూలంలోనే ఇద్దరు రెండు విధాలుగా వ్రాసి ఉంటే ఆ ఉపాయమూ పనిచేయదు. అప్పుడు వ్రాసినవారిని అడుగవలసిందే.

ఈ చిక్కును మొదటనే తొలగించేది ఐ.ఎస్.ఓ. 8601 అనే అంతర్జాతీయ ప్రమాణం. జెనీవా కేంద్రంగా గల అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ దీనిని 1988లో వెలువరించింది. దీని ప్రకారం సంవత్సరం నాలుగంకెలలో, నెల రెండంకెలలో, రోజు రెండంకెలలో, నడుమ అడ్డగీతలతో వ్రాయాలి. 2025 ఏప్రిల్ 3 ఈ విధంగా 2025-04-03 అవుతుంది. నాలుగంకెల సంవత్సరం ముందు నిలవడంతోనే ఇది ఏ పద్ధతియో చదివేవారికి తెలిసిపోతుంది. సంవత్సరం తరువాత రోజు, ఆపైన నెల వ్రాసే అలవాటు వాడుకలో లేదు. కనుక రెండవ అర్థానికి తావుండదు.

దీనివలన మరొక సౌలభ్యం ఉన్నది. కంప్యూటరు ఫైళ్ళ పేర్లను ఎడమ నుండి కుడికి ఒక్కొక్క గుర్తును పోల్చి వరుసలో పెడుతుంది. రోజు ముందున్న పేర్లు ఇలా నిలుస్తాయి:

```
01-12-2024
03-04-2025
15-01-2025
```

ఇక్కడ ఏప్రిల్ తరువాత జనవరి వచ్చింది. అవే తేదీలను ప్రమాణం ప్రకారం వ్రాస్తే కాలక్రమం దానంతట అదే ఏర్పడుతుంది:

```
2024-12-01
2025-01-15
2025-04-03
```

పెద్ద భాగం నుండి చిన్న భాగానికి దిగివచ్చే ఈ క్రమం తెలుగువారికి కొత్త కాదు. అదే ఏప్రిల్ 3ను పంచాంగం విశ్వావసు నామ సంవత్సర చైత్ర శుద్ధ షష్ఠి అంటుంది. సంవత్సరం, మాసం, పక్షం, తిథి ఒకదాని వెంట ఒకటి వస్తాయి. శుభలేఖలలో నేటికీ కనిపించేది ఈ వరుసయే.

అయితే ఈ ప్రమాణానికీ హద్దులున్నాయి. తేదీని ఎలా వ్రాయాలో అది చెబుతుంది గాని, ఏ ఊరి తేదీయో అంకెలే చెప్పలేవు. హైదరాబాదులో 2025 ఏప్రిల్ 4 ఉదయం ఆరు గంటలైనప్పుడు న్యూయార్కులో ఏప్రిల్ 3 రాత్రి ఎనిమిదిన్నర. సమయం ముఖ్యమైన చోట దానిని కూడా చేర్చి, 2025-04-04T06:00+05:30 అని వ్రాయడానికి అదే ప్రమాణం వీలు కల్పించింది. చివరి అంకెలు భారత కాలమానం ప్రపంచ ప్రామాణిక కాలానికి అయిదున్నర గంటలు ముందున్నదని తెలుపుతాయి.

మరొక జాగ్రత్త కూడా అవసరం. స్ప్రెడ్‌షీటు 2025-04-03ను సరిగానే గ్రహించినా, తెరపై తన దేశీయ పద్ధతిలో చూపవచ్చు. దానిని అలాగే తిరిగి పాఠ్యరూపంలో భద్రపరిస్తే తెరపై కనిపించిన రూపమే ఫైలులోకి ఎక్కి, పాత చిక్కు మళ్ళీ మొదలవుతుంది. భద్రపరచే ముందు ఆ నిలువు వరుస రూపాన్ని సరిచూడాలి.

ఇంటి ఉత్తరాలలోనూ స్థానిక దరఖాస్తులలోనూ అలవాటైన వరుసను విడువవలసిన పని లేదు. నెల పేరును అక్షరాలలో వ్రాసినా మనుషుల నడుమ సందేహం తీరుతుంది. పలువురు చేతులు మారే పట్టికలలో మాత్రం వ్రాసినవాడు పక్కన ఉండి వివరించడు. అక్కడ తేదీ తన అర్థాన్ని తానే చెప్పుకోగలగాలి.