పద్నాలుగు కంటే పన్నెండే మిన్న అయిన లెక్క

1966 జనవరిలో అమెరికాలో వెలువడే ‘జర్నల్ ఆఫ్ బిజినెస్’లో ఒక పట్టిక అచ్చయింది. అందులో 34 మ్యూచువల్ ఫండ్ల పేర్లు, ఒక్కోదాని ఎదురుగా మూడేసి అంకెలు ఉన్నాయి. 1954 నుంచి 1963 దాకా పదేళ్లలో ఆ ఫండ్ ఏడాదికి సగటున ఎంత తెచ్చింది, ఆ రాబడి ఏటా ఎంతగా పైకీ కిందికీ ఊగింది అన్నవి మొదటి రెండు అంకెలు. ఆ రెండింటినీ కలిపి తీసిన నిష్పత్తి మూడోది. పట్టిక తయారుచేసిన విలియం షార్ప్‌కు అప్పుడు 31 ఏళ్లు. తన నిష్పత్తికి ఆయన ‘రివార్డ్ టు వేరియబిలిటీ’ అని పేరు పెట్టుకున్నాడు. నోరు తిరగని పేరు కాబట్టి కాబోలు, లోకం దాన్ని షార్ప్ రేషియో అనేసింది. ఆయనకు 1990లో నోబెల్ వచ్చింది కానీ, అది ఈ నిష్పత్తికి కాదు.

ఆ పట్టికలో రెండు పేర్లను పక్కపక్కన పెట్టి చూస్తే సంగతంతా తేటతెల్లమవుతుంది. ఒకటి ఇన్‌కార్పొరేటెడ్ ఇన్వెస్టర్స్. 1925లో పుట్టిన ఇది అమెరికా తొలితరం మ్యూచువల్ ఫండ్లలో ఒకటి. ఆ పదేళ్లలో దాని సగటు రాబడి ఏడాదికి 14 శాతం. రెండోది బోస్టన్ ఫండ్. దాని సగటు 12.4 శాతం.

ఏది మేలు? పెళ్లి భోజనాల దగ్గర ఈ ప్రశ్న వేస్తే పదిమందిలో తొమ్మిదిమంది 14 శాతం వైపే చెయ్యి చూపిస్తారు. షార్ప్ పట్టికలో మాత్రం 34 ఫండ్లలోకీ మొదటి స్థానం బోస్టన్ ఫండ్‌ది. ఆఖరి స్థానం ఇన్‌కార్పొరేటెడ్ ఇన్వెస్టర్స్‌ది.

తేడా అంతా రెండో అంకెలో ఉంది. ఇన్‌కార్పొరేటెడ్ ఊగిసలాట 25.5 శాతం, బోస్టన్‌ది 12.1 శాతం. ఈ ఊగిసలాటనే లెక్కల్లో స్టాండర్డ్ డీవియేషన్ అంటారు. ప్రతి ఏడాది రాబడీ సగటుకు ఎంత దూరంలో ఉందో చూసి, ఆ దూరాలను వర్గం చేసి, వాటి సగటుకు వర్గమూలం తీస్తే వచ్చేది ఇదే. మామూలు మాటల్లో చెప్పాలంటే, మూడేళ్లలో సుమారు రెండేళ్లు రాబడి ఈ హద్దుల్లో ఉంటుందని అర్థం. ఇన్‌కార్పొరేటెడ్ మదుపరి ఒక ఏడాది 39.5 శాతం లాభం చూడొచ్చు, ఇంకో ఏడాది 11.5 శాతం నష్టం చూడొచ్చు. మిగిలిన మూడో ఏడు ఈ హద్దులు కూడా దాటిపోవచ్చు. బోస్టన్ మదుపరికి అవే హద్దులు 24.5 శాతం లాభానికీ, 0.3 శాతం లాభానికీ మధ్య ఉన్నాయి. అంటే అతని మామూలు చెడ్డ ఏడాది కూడా అసలుకు మోసం తేలేదు.

ఇక నిష్పత్తి. ఏ రిస్కూ లేకుండా ప్రభుత్వ బాండ్లలో దాచుకున్నా ఎంతో కొంత వడ్డీ వస్తుంది కదా. షార్ప్ దాన్ని 3 శాతంగా తీసుకున్నాడు. ఆ మూడు శాతం ఫండ్ మేనేజర్ ఘనత కాదు కాబట్టి ముందు దాన్ని తీసేయాలి. మిగిలిన అదనపు రాబడిని ఊగిసలాటతో భాగించాలి. ఇన్‌కార్పొరేటెడ్‌కు 14లోంచి 3 పోతే 11, దాన్ని 25.5తో భాగిస్తే 0.43. బోస్టన్‌కు 12.4లోంచి 3 పోతే 9.4, దాన్ని 12.1తో భాగిస్తే 0.78. ఒక్కో శాతం కుదుపును ఓర్చుకున్నందుకు బోస్టన్ మదుపరికి 78 పైసల వంతున గిట్టితే, అవతలి మనిషికి 43 పైసలే గిట్టాయన్నమాట.

“కుదుపులతో నాకేం పని, చివరికి చేతికి ఎక్కువ వస్తే చాలు” అనేవాళ్లు ఉంటారు. అక్కడే ఒక చిక్కు ఉంది. 14 శాతం అన్నది ఏటేటి రాబడులను కూడి పదితో భాగించిన సగటు. డబ్బు అలా కూడికలతో పెరగదు, గుణకారంతో పెరుగుతుంది. లక్ష రూపాయలతో లెక్క వేసి చూద్దాం. ఇవి ఆ ఫండ్లకు ఏదో రెండేళ్లలో నిజంగా వచ్చిన రాబడులు కావు. అదే సగటు, అదే ఊగిసలాట ఉండేలా ఒక మంచి ఏడూ ఒక చెడ్డ ఏడూ తీసుకున్నవి. మొదటి ఏడు 39.5 శాతం పెరిగి లక్ష కాస్తా 1,39,500 అవుతుంది. రెండో ఏడు 11.5 శాతం తగ్గి 1,23,457 దగ్గర ఆగుతుంది. బోస్టన్ తరహాలో అయితే 24.5 శాతం పెరిగి 1,24,500, తర్వాత 0.3 శాతం కలిసి 1,24,873. సగటు 14 శాతమున్న ఫండ్ కంటే 12.4 శాతమున్నదే చేతికి 1,416 రూపాయలు ఎక్కువ ఇచ్చింది. నష్టం వచ్చిన ఏడాది పెరిగిన మొత్తం మీద కోత పడుతుంది కాబట్టే ఇలా జరుగుతుంది. ఊగిసలాట పెరిగేకొద్దీ సగటుకూ, నిజంగా చేతికొచ్చేదానికీ మధ్య దూరం పెరుగుతూ పోతుంది.

ఇదే పోలికను ఇంకోలా కూడా చూడొచ్చు. కుదుపులకు భయపడే మదుపరి ఒకరు ఇన్‌కార్పొరేటెడ్‌నే కొనుక్కుని, దాన్ని బోస్టన్ అంత నిమ్మళంగా మార్చుకోవాలనుకున్నాడు. అందుకు వందలో 47 రూపాయలు ఆ ఫండ్‌లో, 53 రూపాయలు మూడు శాతం బాండ్లలో పెట్టుకోవాలి. అప్పుడు ఊగిసలాట 12 శాతానికి దిగుతుంది. రాబడి కూడా 8.2 శాతానికి దిగుతుంది. అదే నిమ్మళానికి బోస్టన్ ఇచ్చింది 12.4 శాతం. పాయింట్లూ దశాంశాలూ తలకెక్కనివాళ్లకు ఇలా శాతాల్లో చెబితే తేలిగ్గా అర్థమవుతుందని 1997లో ఫ్రాంకో మోడిగ్లియానీ, ఆయన మనవరాలు లియా ఈ పద్ధతినే ఒక కొలమానంగా మలిచారు. తాతా మనవరాలు కలిసి తీసిన లెక్కలు ఆర్థికశాస్త్రంలో అరుదే.

అయితే తిరకాసు కూడా ఉంది. షార్ప్ లెక్క ప్రకారం, ఎక్కువ రాబడి కోరుకునేవాడు మంచి నిష్పత్తి ఉన్న ఫండ్‌నే ఎంచుకుని, చాలనిదానికి అప్పు తెచ్చి అందులోనే పెట్టాలి. 3 శాతానికి అప్పు పుడితే బోస్టన్‌తో లెక్క మీద 22 శాతం పైనే సంపాదించొచ్చు. కాగితం మీద బాగుంది. ప్రభుత్వానికి దొరికే వడ్డీకి మామూలు ఉద్యోగికి అప్పు ఎవరిస్తారు? కాబట్టి పాతికేళ్ల గడువుతో సిప్ కట్టే కుర్రవాడికి ఎక్కువ రేషియో ఉన్న ఫండే సరైనదని తీర్పు చెప్పేయడం కుదరదు. సగం బాండ్లున్న ఫండ్‌నూ, నూటికి నూరూ షేర్లున్న ఫండ్‌నూ ఈ ఒక్క అంకెతో పోటీకి దింపితే పోలిక తప్పుదారి పడుతుంది. లార్జ్‌క్యాప్‌ను లార్జ్‌క్యాప్‌తోనే తూచాలి.

మన దేశంలో ఫండ్ సంస్థలు నెలనెలా విడుదల చేసే ఫ్యాక్ట్‌షీట్లలో ఈ అంకె సాధారణంగా స్టాండర్డ్ డీవియేషన్, బీటాల పక్కనే చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. దాని కింద ఇంకా చిన్న అక్షరాల్లో ఉండే వాక్యాన్నే ముందు చదవాలి. ఎక్కువ సంస్థలు గత మూడేళ్ల నెలవారీ రాబడులతో లెక్క కడతాయి. రిస్క్ లేని వడ్డీగా ఓవర్‌నైట్ మైబార్‌ను, అంటే బ్యాంకులు ఒకదానికొకటి ఒక్క రాత్రికి ఇచ్చుకునే అప్పు మీది వడ్డీని తీసుకుంటాయి. ఈ రేటు మారితే నిష్పత్తి మారుతుంది. షార్ప్ 3 శాతానికి బదులు 6 శాతం తీసుకుని ఉంటే బోస్టన్ 0.78 కాస్తా 0.53 అయ్యేది. ఫండ్ అదే, మేనేజర్ అతనే, అంకె మాత్రం మూడో వంతు పడిపోయేది. అందుకే ఒక ఫండ్ మార్చి ఫ్యాక్ట్‌షీట్‌నూ, ఇంకో ఫండ్ సెప్టెంబరు ఫ్యాక్ట్‌షీట్‌నూ పక్కన పెట్టి పోల్చకూడదు. నెల లెక్కన తీసిన రేషియోను ఏడాది లెక్కకు మార్చాలంటే సుమారు మూడున్నర రెట్లు చేయాలి. ఇది గమనించక రెండు రకాల అంకెల్ని పోల్చి కంగుతినేవాళ్లూ ఉంటారు.

మూడేళ్లన్నది చాలా చిన్న గడువని కూడా గుర్తుంచుకోవాలి. అంత తక్కువ కాలం మీద తీసిన వార్షిక షార్ప్ రేషియోలో అదృష్టం వల్లనే అటో ఇటో 0.6 దాకా తేడా రావడం మామూలేనని సంఖ్యాశాస్త్రం చెబుతుంది. ఒక ఫండ్‌కు 0.82, ఇంకోదానికి 0.75 ఉంటే మొదటిది గెలిచినట్టు కాదు. రెండూ సమానమనుకుని ఇంకేదైనా చూసుకోవాలి.

మార్కెట్ పడినప్పుడు ఈ అంకె తల్లకిందులవుతుంది. బాండ్ వడ్డీ 6 శాతం ఉన్న కాలంలో రెండు ఫండ్లూ 2 శాతమే ఇచ్చాయనుకుందాం. రెండింటికీ అదనపు రాబడి మైనస్ 4. నిమ్మళమైన ఫండ్ ఊగిసలాట 10 అయితే రేషియో మైనస్ 0.4. విపరీతంగా ఊగినదాని ఊగిసలాట 20 అయితే రేషియో మైనస్ 0.2. అంకెలను బట్టి చూస్తే రెండోదే మెరుగనిపిస్తుంది. అదే రాబడికి రెట్టింపు కుదుపులిచ్చిన ఫండ్‌కు మెడలో దండ వేసినట్టే. మైనస్ కనిపిస్తే ఆ వరుసక్రమాన్ని పక్కన పెట్టేయడమే మంచిది.

రేషియో మరీ ఎక్కువగా కనిపించినా అనుమానించాల్సిందే. న్యూయార్క్‌లో బెర్నార్డ్ మాడాఫ్ ఏళ్ల తరబడి ఖాతాదారులకు నెలకు ఇంచుమించు ఒక శాతం చొప్పున, నష్టం వచ్చిన నెలలు దాదాపు లేకుండా రాబడి చూపించాడు. ఊగిసలాట అంత తక్కువైతే భాగహారంలో రేషియో ఆకాశాన్నంటుతుంది. షేర్ల బజారులో అంత సాఫీగా నడిచే లెక్క ఉండదని హ్యారీ మార్కోపొలోస్ అనే విశ్లేషకుడు 2000 నుంచే అక్కడి నియంత్రణ సంస్థకు ఫిర్యాదులు రాశాడు. 2008 డిసెంబరులో మాడాఫ్ అరెస్టయ్యాకగానీ ఆ రాబడులన్నీ కాగితం మీద పుట్టినవేనని తేలలేదు. మోసం లేకుండానే ఇలాంటి భ్రమ కలగొచ్చు కూడా. రోజూ కొనుగోళ్లూ అమ్మకాలూ జరగని బాండ్లున్న డెట్ ఫండ్‌లో ఎన్‌ఏవీ నెమ్మదిగా గీత గీసినట్టు పైకి పోతుంటుంది. ఏదో ఒక కంపెనీ బకాయి ఎగ్గొట్టిన రోజున ఒక్కసారిగా కుంగుతుంది. ఆ ముందురోజు దాకా షార్ప్ రేషియోలో ఆ గండం జాడ కూడా కనిపించదు.

షార్ప్ ఆనాటి పట్టికలో ఇంకో పోలిక కూడా చేశాడు. అవే పదేళ్లకు డౌ జోన్స్ సూచీకి లెక్క కడితే 0.667 వచ్చింది. 34 ఫండ్లలో దాన్ని మించినవి 11 మాత్రమే. మెరుగైన ఫండ్లకు ఉన్న ఉమ్మడి లక్షణమేమిటని వెతికితే ఆయనకు దొరికింది తక్కువ ఖర్చుల నిష్పత్తి. మన ఫ్యాక్ట్‌షీట్లలో ఎక్స్‌పెన్స్ రేషియో పేరుతో ఆ అంకె కూడా ఉంటుంది. తర్వాతిసారి రెండు ఫండ్లను పోల్చేటప్పుడు షార్ప్ రేషియోతో పాటు దాన్నీ చూడండి.