మూత తెరుచుకునే డిబ్బీ

జాతరలో కుమ్మరి పరిచిన సరుకులో పిల్లల కళ్ళు ముందు పడేది మట్టి డిబ్బీ మీదే. గుండ్రంగా ఉంటుంది, పైన సన్నటి చీలిక ఉంటుంది, పగలగొడితే తప్ప లోపలి డబ్బు బయటికి రాదు. దాచడం అలవాటు కావాలంటే ఇదే మంచిదని ఇంట్లో పెద్దవాళ్ళు కొనిస్తారు. డిబ్బీగా అది చాలా అందమైన వస్తువు. కానీ ఎనిమిదేళ్ళ పిల్లకి అదే మొదటి డిబ్బీ కాకూడదని నా గట్టి అభిప్రాయం.

ఆ వయసు పిల్ల మూడో తరగతిలో ఉంటుంది. మూడంకెల కూడికలు, తీసివేతలు అప్పుడప్పుడే చేతికి వస్తున్నాయి. డబ్బు విషయంలో తను నేర్చుకోవలసినవి రెండున్నాయి. ఈ వారం వేసిన బిళ్ళలు వచ్చే వారానికీ అక్కడే ఉంటాయని, వాటికి కొత్తవి తోడవుతాయని కళ్ళతో చూడాలి. ఇవాళ కొంత తీస్తే కావాలనుకున్నది అంత వెనక్కి జరుగుతుందని అనుభవంలోకి రావాలి. మట్టి డిబ్బీలో ఈ రెండూ కుదరవు. లోపల ఎంతుందో కనపడదు, మధ్యలో తీయడానికి వీలుండదు. ఊపి చూసి చప్పుడు వినడమే మిగులుతుంది. పది రోజులు ఊపాక పిల్ల దాని ఊసే మరిచిపోతుంది.

అందుకని మొదటి డిబ్బీని ఇంట్లోనే చేయండి. లోపలున్నది బయటికి కనిపించే ప్లాస్టిక్ పచ్చడి సీసా ఒకటి కడిగి ఆరబెట్టండి. దాని మూతకి చీలిక పెద్దవాళ్ళే కోయాలి. మన నాణేల్లో పది రూపాయల బిళ్ళ అడ్డంగా 27 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి, చీలిక మూడు సెంటీమీటర్ల పొడవు, నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే అన్నీ పడతాయి. కోసిన అంచులు పిల్ల వేలికి గీరుకుంటాయి, వాటి మీద టేపు అంటించండి. మూత మాత్రం మామూలుగా తిప్పితే ఊడి రావాలి. తాళం వద్దు. తీయగలిగి కూడా తీయకుండా ఉండటమే తను నేర్చుకోవలసిన సంగతి. ఇలాంటిదే ఇంకో చిన్న డబ్బా ఖర్చుకి పెట్టండి. మొదట్లో ఈ రెండూ చాలు.

ఇక డబ్బు. వారానికి ఎంతివ్వాలన్నది ఇంటి ఇంటికీ మారుతుంది. ఎంతిచ్చినా ఒకే రోజున ఇవ్వండి, చిల్లరగా ఇవ్వండి. నలభై రూపాయలు ఇవ్వదలిస్తే రెండు పది బిళ్ళలు, నాలుగు ఐదు బిళ్ళలు చేతిలో పెట్టండి. రెండు ఇరవై నోట్లు ఇస్తే పంచుకోవడానికి వీలుండదు. ఆదివారం పొద్దున ఇస్తామని చెప్పి మంగళవారం దాకా మరిచిపోతే మాత్రం డిబ్బీ పని చేయదు. వచ్చే వారం వస్తుందన్న నమ్మకం లేని పిల్ల ఈ వారందంతా ఇవాళే ఖర్చు పెట్టేస్తుంది, అందులో తన తప్పేమీ లేదు.

ఒక ఇంటి లెక్క పూర్తిగా చూద్దాం. పిల్లకి నూట ఇరవై రూపాయల స్కిప్పింగ్ తాడు కావాలి. దుకాణంలో చూసింది, ధర తనే చదివింది. వారానికి నలభై వస్తుంది, అందులో పాతిక డిబ్బీలో, పదిహేను ఖర్చు డబ్బాలో వేస్తానని తనే తేల్చింది. ఒక పొడవాటి కాగితం మీద ఇరవై నాలుగు గళ్ళు గీశారు. గడికి ఐదు రూపాయలు. పాతిక వేసిన రోజున ఐదు గళ్ళకి పెన్సిల్‌తో రంగు వేయాలి. స్కెచ్ పెన్ను వద్దు, ఎందుకో ఇప్పుడే తెలుస్తుంది.

మొదటి వారం పాతిక, రెండో వారం యాభై, మూడో వారం డెబ్బై అయిదు. ఇలాగే సాగితే అయిదో వారంలో నూట పాతిక అయి, తాడు కొనుక్కుని అయిదు రూపాయలు మిగలాలి. కానీ మూడో వారంలో వీధిలోకి ఐస్‌క్రీమ్ బండి వచ్చింది. ఖర్చు డబ్బా అప్పటికే ఖాళీ. డిబ్బీలోంచి ఇరవై తీస్తానంది.

ఇక్కడ చాలామంది తల్లిదండ్రులు తొందరపడతారు. వద్దని కోప్పడతారు, లేకపోతే జాలిపడి తమ జేబులోంచి కొనిస్తారు. రెండూ పాఠాన్ని చెడగొడతాయి. తీసుకోనివ్వండి. ముందు ఒక్క మాట అడగండి: "సరే అమ్మా, తీసుకో. మరి ఎన్ని గళ్ళు చెరపాలి?" పిల్ల లెక్కపెట్టుకుని నాలుగు గళ్ళు రబ్బరుతో చెరుపుతుంది. డెబ్బై అయిదు కాస్తా యాభై అయిదు అయింది. నాలుగో వారం ఎనభై, అయిదో వారం నూట అయిదు, ఆరో వారానికి నూట ముప్ఫై. తాడు ఒక వారం వెనక్కి పోయింది. ఐస్‌క్రీమ్ ధర ఇరవై రూపాయలే కాదు, ఒక వారం కూడానని ఆ చెరిపిన గళ్ళు చూపించాయి. మనం నోటితో చెప్పవలసిందేమీ లేదు. చెరుపుతూ పిల్ల ఆగిపోయి "పోనీలే, వద్దు" అన్నా మంచిదే, చెరిపేసి సంతోషంగా తిని వచ్చినా మంచిదే. రెండు సందర్భాల్లోనూ లెక్క తనదే.

తను కోరుకునే వస్తువు నాలుగు నుంచి ఆరు వారాల్లో అందేలా ఉండాలి. రెండు వేల సైకిల్ మొదటి గురిగా పెడితే, వారానికి పాతిక చొప్పున ఎనభై వారాలు పడుతుంది. అంత దూరం ఎనిమిదేళ్ళ పిల్లకి కనిపించదు. గురి దూరమైందని తెలుసుకోవడం తేలికే: "ఇంకా ఎంత కావాలి?" అని అడగడం మానేస్తుంది, కాగితం మీద రంగు వేయమని మనమే గుర్తు చేయవలసి వస్తుంది. అప్పుడు గురి మార్చి చిన్నది పెట్టండి.

దాచడం కంటే చిల్లర లెక్కలోనే పిల్లలు ఎక్కువగా తికమకపడతారు, దానికి మన నాణేలు కూడా కొంత కారణం. 2011లో వచ్చిన వరసలో రెండు రూపాయల బిళ్ళ ఐదు రూపాయల బిళ్ళ కంటే వెడల్పుగా ఉంటుంది. 2019 వరసలో అది తిరగబడింది. ఇంట్లో రెండు రకాలూ కలిసి తిరుగుతుంటాయి. పెద్దగా ఉన్నదే ఎక్కువ విలువనుకునే పిల్ల ఇక్కడ సహజంగానే పొరపడుతుంది. అందుకే మొదటి ఆట నాణేలు విడదీయడం. గుప్పెడు చిల్లర నేల మీద పోసి, అంకె చదివి కుప్పలుగా పెట్టాలి. తరవాత ఇరవై రూపాయలని ఎన్ని రకాలుగా పేర్చగలవో చూడమనాలి: రెండు పదులు, నాలుగు ఐదులు, ఒక పదీ రెండు ఐదులూ, పది రెండులు. అయిదారు రకాలు చేశాక, ఎక్కువ బిళ్ళలున్న కుప్పే ఎక్కువ డబ్బు అన్న భ్రమ మెల్లగా విడిపోతుంది.

రెండో ఆట అంగడి. గుమ్మం దగ్గర చాప పరిచి పెన్సిలు, సబ్బు, బిస్కెట్ ప్యాకెట్టు లాంటివి పెట్టి, చిన్న చీటీల మీద ధరలు రాసి అంటించండి. మొదట పిల్లే అంగడి నడపాలి. పదమూడు రూపాయల వస్తువు కొని మీరు ఇరవై ఇస్తారు. ఇరవైలోంచి పదమూడు తీసివేస్తూ కూర్చుంటే చాలాసేపు పడుతుంది. కిరాణా కొట్టాయన చేసేది వేరు, ఆయన పైకి లెక్కపెడతాడు. "పదమూడు" అని, ఒక రూపాయి పెట్టి "పద్నాలుగు", ఇంకో రూపాయి పెట్టి "పదిహేను", ఐదు బిళ్ళ పెట్టి "ఇరవై" అంటాడు. అరచేతిలో పడ్డ ఏడు రూపాయలే చిల్లర. పిల్లకి ఈ పద్ధతి పట్టుబడితే బజారులో ఎవరి ముందైనా ధైర్యంగా నిలబడి చిల్లర సరిచూసుకుంటుంది.

ఆ తరవాత పిల్లని కొనే మనిషిని చేయండి. చేతిలో యాభై ఉంటుంది, తనకి నచ్చినవన్నీ ఏరుకుంటే అరవై ఎనిమిది అవుతుంది. ఏది తీసేయాలి? పద్దెనిమిది తగ్గించడానికి ఇరవై రూపాయల వస్తువు ఒకటి వదలాలా, పదివి రెండు వదలాలా? జవాబు మీరు చెప్పకండి. అసలు ఆట ఆ తటపటాయింపులోనే ఉంది. బోర్డు మీద ఆడే బిజినెస్ ఆట కూడా మంచిదే, కానీ అందులో పిల్లలు ఊళ్ళూ స్థలాలూ కొంటారు. పది రూపాయలకి ఏమొస్తుందో దానివల్ల తెలియదు.

మూడో ఆట నిజం దుకాణంలో ఆడాలి. ఒకే రకం బిస్కెట్లు ఐదు రూపాయల ప్యాకెట్టు రెండు, పది రూపాయల ప్యాకెట్టు ఒకటి కొనిపించండి. ఇంటికొచ్చి రెండు పళ్ళాల్లో విడివిడిగా పోసి లెక్కపెట్టమనండి. ప్యాకెట్టు మీద రాసిన బరువులూ కలిపి చూడాలి. పెద్ద ప్యాకెట్టే ఎప్పుడూ లాభమని పెద్దవాళ్ళకి కూడా ఒక నమ్మకం ఉంటుంది, ఒక్కోసారి చిన్నవే గెలుస్తాయి. ముందుగా ఊహించి, తరవాత లెక్క చూసుకోవడం పిల్లలకి చాలా ఇష్టం. పైగా చివర్లో తినొచ్చు.

ఫోన్ గురించి కూడా చెప్పాలి. ఇప్పటి పిల్ల అమ్మానాన్నలు స్కాన్ చేయడం చూస్తుందే తప్ప నోటు చేయి మారడం అరుదుగా చూస్తుంది. బీప్‌మన్న చప్పుడుతో సరుకు వచ్చేస్తుంటే డబ్బు తగ్గుతున్నట్టు ఎలా తెలుస్తుంది? తన వస్తువులు కొనేటప్పుడు మాత్రం నగదే ఇవ్వండి, అది కూడా తన చేతుల మీదుగానే. కొన్ని కొట్లలో పది రూపాయల బిళ్ళ తీసుకోరు. అన్ని నమూనాల బిళ్ళలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు చెప్పినా ఆ అపోహ పోలేదు. అందుకే ఐదు బిళ్ళలు కొన్ని దగ్గర ఉంచండి.

ఇంట్లో జరిగే తప్పుల్లో పెద్దది పిల్లది కాదు. ఆటోకి చిల్లర లేదని నాన్న డిబ్బీలోంచి ముప్ఫై తీస్తాడు, తిరిగి వేయడం మరిచిపోతాడు. పిల్ల ఆ రాత్రే కనిపెడుతుంది. తీయవలసి వస్తే ముందు అడగాలి, "నాన్న, 30, ఆదివారం ఇస్తాను" అని చీటీ రాసి సీసాలో వేయాలి, ఆదివారం ఇవ్వాలి. అలా ఇస్తే అప్పంటే ఏమిటో కూడా తనకి తెలుస్తుంది.

సంక్రాంతికి వచ్చిన తాతయ్య ఐదు వందల నోటు చేతిలో పెడితే ఆరు వారాల గురి ఒక్క పూటలో తేలిపోతుంది. ఆ డబ్బు సీసాలో కలపకుండా, తాతయ్యకి చెప్పే, పిల్ల పేరిట పోస్టాఫీసు పొదుపు ఖాతా తెరవండి. ఐదు వందలతో అది మొదలవుతుంది. పదేళ్ళు నిండేదాకా ఖాతాని అమ్మో నాన్నో చూసుకోవాలి, ఆ తరవాత పిల్లే స్వయంగా నడుపుకోవచ్చు. ఫారం నింపే రోజున పిల్లని వెంట తీసుకెళ్ళండి. కౌంటరులో డబ్బు తనే ఇవ్వాలి, పాసుపుస్తకంలో పడిన అంకె తనే చదవాలి.