టార్క్ సున్నా అయితే కప్పీ ఆగిపోతుందా?

ఇప్పటి జేఈఈ మెయిన్‌కు ముందు ఏఐఈఈఈ అనే పరీక్ష ఉండేది. 2011లో అందులో ఒక కప్పీ లెక్క ఇచ్చారు. కప్పీ వ్యాసార్థం 2 మీటర్లు, జడత్వ భ్రామకం 10 యూనిట్లు. దాని అంచును స్పర్శరేఖ వెంబడి ఒక బలం లాగుతోంది. ఆ బలం కాలంతో పాటు మారుతూ 20t − 5t² న్యూటన్లు ఉంటుంది. కప్పీ తిరిగే దిశ మారేలోపు ఎన్ని చుట్లు తిరుగుతుంది? ఇదీ ప్రశ్న.

తిప్పే బలాన్ని టార్క్ అంటాం. బలాన్ని వ్యాసార్థంతో గుణిస్తే అది వస్తుంది. టార్క్‌ను జడత్వ భ్రామకంతో భాగిస్తే కోణీయ త్వరణం, అంటే తిరిగే వేగం సెకనుకు ఎంత మారుతోందో తెలుస్తుంది.

τ = 40t − 10t²
α = 4t − t²

చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. పాఠంలో నేర్చుకున్న ω = αt సూత్రం వెంటనే గుర్తొస్తుంది. కానీ త్వరణం మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉన్నప్పుడే అది పనిచేస్తుంది. రెండో సెకను దగ్గర చూడండి. అప్పుడు త్వరణం 4. సూత్రం ప్రకారం వేగం 8 రావాలి. అయితే ఆ త్వరణం మొదట్లో సున్నా. మెల్లగా పెరుగుతూ 4కి చేరింది. మొత్తం రెండు సెకన్లూ 4 ఉన్నట్టు లెక్కిస్తే, లేని వేగాన్ని కూడా కలిపేసినట్టే. అసలు వేగం 5.33 మాత్రమే.

మరి సరైన దారేది? కాలాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో వేగం ఎంత పెరిగిందో చూసి, అన్నిటినీ కూడాలి. ఆ పని చేసి పెట్టేదే సమాకలనం. త్వరణాన్ని ఒకసారి సమాకలనం చేస్తే వేగం, వేగాన్ని మళ్లీ సమాకలనం చేస్తే తిరిగిన కోణం వస్తాయి.

ω = 2t² − t³/3
θ = 2t³/3 − t⁴/12

కప్పీ నిశ్చలస్థితి నుంచి బయల్దేరిందని అనుకున్నాం కాబట్టే ఇక్కడ వేరే స్థిరాంకాలు లేవు. మొదట్లోనే కొంత వేగం ఉంటే దాన్ని ω కు కలపాలి; అప్పుడు జవాబూ మారుతుంది.

ఇప్పుడు అసలు చిక్కుముడి. టార్క్ 4వ సెకనులో సున్నా అవుతుంది, ఆ తర్వాత వ్యతిరేక దిశలో పనిచేస్తుంది. దిశ మారేది అప్పుడేనని తోస్తుంది. కానీ బ్రేకు వేయగానే బస్సు వెనక్కి నడవదు కదా! 4వ సెకనులో కప్పీ వేగం సెకనుకు 10.67 రేడియన్లు, ముందు దిశలో అదే దాని గరిష్ఠ వేగం. అప్పటిదాకా కూడిన వేగాన్ని వ్యతిరేక టార్క్ పూర్తిగా తీసేశాకే కప్పీ ఆగుతుంది. అందుకే చూడాల్సింది టార్క్ ఎప్పుడు సున్నా అయిందని కాదు, వేగం ఎప్పుడు సున్నా అయిందని. 2t² = t³/3 అని రాస్తే t = 6 సెకన్లు వస్తుంది.

ఆ 6 సెకన్లను కోణం సూత్రంలో పెడితే 144 − 108, అంటే 36 రేడియన్లు. ఒక చుట్టుకు దాదాపు 6.28 రేడియన్లు కాబట్టి కప్పీ సుమారు 5.73 చుట్లు తిరుగుతుంది. పరీక్షలో సరైన జవాబు ‘3 కంటే ఎక్కువ, 6 కంటే తక్కువ’.

4వ సెకనులోనే దిశ మారిందని పొరబడ్డ విద్యార్థికి ఏమొస్తుంది? కోణం 21.33 రేడియన్లు, అంటే దాదాపు 3.4 చుట్లు. అదీ 3కీ 6కీ మధ్యే ఉంది! ఆలోచన తప్పినా మార్కు దక్కుతుంది. అందుకే ఈ లెక్క చేసినవాళ్లు జవాబు కలిసిందని వదిలేయకుండా, 6 సెకన్లు వచ్చిందో లేదో చూసుకోవాలి.

ఈ పద్ధతికి హద్దులూ ఉన్నాయి. టార్క్ కాలాన్ని బట్టి మారుతోంది కాబట్టి నేరుగా సమాకలనం చేయగలిగాం. గాలి నిరోధంలా అది వేగాన్ని బట్టి మారితే వేగమే సమీకరణానికి రెండు వైపులా ఉంటుంది. ముందు చలరాశులను వేరుచేయాలి. కోణాన్ని బట్టి మారితే, పని-శక్తి సూత్రంతో వేగం తేలిగ్గా వస్తుంది.

ఇంకో జాగ్రత్త. ఇదే బలం కొనసాగితే 8వ సెకనులో θ విలువ సున్నా అవుతుంది. అంటే కప్పీ తిరగలేదని కాదు, ముందుకు 36 రేడియన్లు, వెనక్కి 36 రేడియన్లు తిరిగి బయల్దేరిన చోటికే వచ్చిందని. మొత్తం ఎంత తిరిగిందో కావాలంటే 6వ సెకను దగ్గర లెక్కను రెండుగా విడగొట్టి, రెండు భాగాలనూ కూడాలి: 72 రేడియన్లు.