కోచ్‌కు వెళ్లిన మెసేజ్

సీజన్ ముగిసిన రాత్రి మా అబ్బాయి క్రికెట్ కోచ్‌కు పంపబోతున్న మెసేజ్ చూశాను. "థాంక్యూ సార్, అంతా మీ వల్లే." ఇది ఏ ఆటకైనా, ఏ కోచ్‌కైనా అతుకుతుంది. "ఆయన నీలో ఏం మార్చారురా?" అంటే, కాసేపు ఆలోచించి "నోబాల్స్" అన్నాడు.

వాడు ఫాస్ట్ బౌలర్. నెట్స్‌లో గీత దాటినా అడిగేవాళ్లుండరు. మ్యాచ్‌లో అంపైర్ చెయ్యి చాస్తాడు. చాలామంది కుర్రాళ్లు ఆఖరి అడుగు కుదించుకుని సర్దుకోవాలని చూస్తారు. దాంతో వేగం పోతుంది, నోబాల్ పోదు. తేడా తరచు పరుగు మొదట్లోనే ఉంటుంది.

కోచ్ వాణ్ణి గీత దగ్గర నిలబెట్టి, ఎదురుదిశలో మామూలు వేగంతో పరుగెత్తి బంతి వేయమన్నారట. ముందుకాలు పడ్డచోటల్లా సున్నం గుర్తు. అలా ఏడెనిమిదిసార్లు. గుర్తులు గుమిగూడిన చోటే కొత్త రనప్‌కు మొదలు.

చివరికి వెళ్లిన మెసేజ్ ఇది: "సార్, మొదట్లో మ్యాచ్‌కు నాలుగైదు నోబాల్స్ వేసేవాణ్ణి. సున్నం గుర్తులు పెట్టాక చివరి మూడు మ్యాచుల్లో కలిపి ఒక్కటే. ఇప్పుడు గీత వైపు చూడకుండా బ్యాట్స్‌మన్‌నే చూస్తున్నాను. అలసిపోతే మాత్రం కాలు ఇంకా ముందుకు పడుతోంది. ఆ రోజు అందరూ వెళ్లాక కూడా నాకోసం ఉన్నారు. థాంక్స్ సార్."

ఆ లోపం రాయడానికి వాడు సంకోచించాడు. నేనే ఉంచమన్నాను.

పది నిమిషాల్లో జవాబొచ్చింది: "ఎన్నో ఓవర్ నుంచి?"